చెరువులు నింపగానే పడిపోయిన వైర్‌లెస్ లింకు: పైపు ఎత్తు పెంచే ముందు నీటిని లెక్కలోకి తీసుకోండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఇంట్లో ఫైబర్ ఉంది. అక్కడి నుంచి 1100 మీటర్ల దూరంలో ఉన్న రొయ్యల చెరువుల షెడ్డుకు 23 డీబీఐ డిష్‌లు రెండు పెట్టి 5800 మెగాహెర్ట్జ్‌లో లింకు వేసుకున్నాం. ఇంటి డాబా మీద డిష్ 23 అడుగుల ఎత్తున, షెడ్డు దగ్గర పదమూడున్నర అడుగుల ఎత్తున ఉన్నాయి. వేసవిలో బిగించినప్పుడు సిగ్నల్ మైనస్ 47 వచ్చింది. చెరువులకు నీళ్లు పెట్టిన వారం నుంచి మైనస్ 69కీ మైనస్ 74కీ మధ్య ఊగుతోంది, కెమెరాలు ఆగిపోతున్నాయి. డాబా మీద నిలబడితే షెడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. షెడ్డు దగ్గర పైపు తీసేసి 27 అడుగుల టవరు వేయమని డీలరు అంటున్నారు. వేయమంటారా?

సమాధానం:

వేయకండి. మీరు ఇచ్చిన కొలతలే సరైనవైతే, 27 అడుగుల దగ్గర కూడా మీకు ఇప్పటి పరిస్థితే ఎదురవుతుంది. మీకు కావలసింది ఇప్పుడున్న చోటికి సుమారు మూడడుగుల పైన ఉంది. ఇది వినడానికి వింతగా ఉంటుందని నాకు తెలుసు, అందుకే లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాను. దీన్ని నమ్మి టవరు మానుకోవడం కంటే, కింద చెప్పిన విధంగా ఒక పూట పరీక్షించి మీరే తేల్చుకోవడం మంచిది.

మొదట, మీ లింకుకు అసలు ఎంత సిగ్నల్ రావాలో తెలిసి ఉండాలి. చాలామంది ఈ అంకె వేసుకోకుండానే వచ్చినదాన్ని బాగుందనో బాగాలేదనో అనుకుంటారు. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న లైసెన్సు అక్కరలేని పట్టీలో మన దేశంలో యాంటెన్నా బలంతో కలిపి 36 డీబీఎం, అంటే 4 వాట్ల వరకే ప్రసారం చేయాలి. మీ డిష్ 23 ఇస్తుంది కాబట్టి రేడియో పవరు 13 దగ్గర ఉండాలి. ఎదురుగా అడ్డేమీ లేనప్పుడు 1100 మీటర్ల దూరం, 5800 మెగాహెర్ట్జ్ దగ్గర, సుమారు 108.5 డెసిబెల్లను మింగేస్తుంది. 36లోంచి 108.5 తీసేసి, అవతలి డిష్ ఇచ్చే 23 కలిపితే మైనస్ 49.5 వస్తుంది. వేసవిలో మీకు మైనస్ 47 వచ్చిందంటే బిగింపు, దిశ, కేబుళ్లు అన్నీ చక్కగా ఉన్నాయని అర్థం. రెండున్నర డెసిబెల్లు ఎక్కువే వచ్చింది, ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కాసేపట్లో తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం రావలసినదాని కంటే 20 డెసిబెల్లు తక్కువ వస్తోంది. అంటే అందవలసిన శక్తిలో నూరో వంతు మాత్రమే అందుతోంది. ఇంత తేడా చిన్న కారణానికి రాదు.

వాన వల్ల ఇంత తగ్గదు. ఈ పౌనఃపున్యంలో, ఈ దూరంలో, కుండపోత వాన కూడా ఒక డెసిబెల్ అటూ ఇటూగా తగ్గిస్తుందంతే. డిష్ పక్కకు తిరగడం కూడా కారణం కాదనే అనుకుంటున్నాను, ఎందుకంటే గాలికి తిరిగిన డిష్ తిరిగిన రోజునే పడిపోయి అక్కడే నిలిచిపోతుంది, నీళ్లు పెట్టే తేదీతో దానికి పని లేదు. చెట్లు అడ్డమైతే తగ్గుదల నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది, ఒక్క వారంలో రాదు. మీ దగ్గర ఆ వారంలో మారినది ఒక్కటే: ఎండిన చెరువు గర్భం ఉన్న చోట నీటి అద్దం వచ్చి కూర్చుంది.

అద్దం అన్న మాట అలంకారానికి అనలేదు. చెరువు గట్టు మీద నిలబడి కాళ్ల దగ్గరి నీటిని చూస్తే లోపలి బురద కనిపిస్తుంది, అదే నీటిని దూరాన చూస్తే ఆకాశమే కనిపిస్తుంది. చూపు ఎంత ఏటవాలుగా పడితే నీరు అంత గట్టిగా అద్దమవుతుంది. మీ ఇంటి డిష్ నుంచి బయలుదేరిన తరంగంలో ఒక భాగం తిన్నగా షెడ్డుకు పోతుంది, మరో భాగం దారిలో నీటిని ఒక డిగ్రీలో సగానికి కాస్త పైబడిన ఏటవాలుతో తాకి, పైకి లేచి అదే డిష్‌లోకి చేరుతుంది. అంత తక్కువ కోణంలో నీరు దాదాపు మొత్తాన్నీ వెనక్కు ఇచ్చేస్తుంది. ఏరియేటర్లు తిరుగుతుంటే నీరు కదులుతుంది కదా, అద్దం చెదిరిపోదా అని చాలామంది అడుగుతారు. ఈ కోణానికి లెక్క వేస్తే అలలు అరమీటరు పైన లేస్తే తప్ప అద్దం చెదరదు, ఏరియేటరు లేపే అల అందులో ఏ మూలకూ రాదు.

ఇలా రెండు దారుల్లో వచ్చిన తరంగాలు డిష్ దగ్గర కలుస్తాయి. అవి ఒకదానికొకటి తోడైతే సిగ్నల్ మామూలు కంటే పెరుగుతుంది, ఎదురైతే రెండూ కొట్టుకుపోతాయి. తోడవుతాయా ఎదురవుతాయా అన్నది రెండు దారుల పొడవుల మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ఆ తేడాకు లెక్క చాలా సులువు.

```
దారుల తేడా = 2 × h1 × h2 ÷ d
తరంగదైర్ఘ్యం (మీటర్లు) = 300 ÷ MHz
```

ఇక్కడ h1, h2 రెండు డిష్‌లూ నీటిమట్టం నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పే మీటర్లు, d వాటి మధ్య దూరం. నీటిని అంత ఏటవాలుగా తాకి తిరిగిన తరంగం తలకిందులవుతుంది. కాబట్టి దారుల తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమో, రెండో, మూడో అయినప్పుడు రెండు తరంగాలూ ఎదురెదురై చెల్లిపోతాయి. ఒకటిన్నర, రెండున్నర అయినప్పుడు తోడవుతాయి.

ఇప్పుడు మీ అంకెలు వేద్దాం. చెరువులో నీటిమట్టం ఇంచుమించు చుట్టుపక్కల పొలం మట్టానికే ఉందని అనుకుంటున్నాను. 23 అడుగులు అంటే 7 మీటర్లు, పదమూడున్నర అడుగులు అంటే 4.1 మీటర్లు. రెండింటినీ ఒకదానితో ఒకటి గుణించి, మళ్లీ 2తో గుణించి, 1100తో భాగిస్తే 5.2 సెంటీమీటర్లు వస్తుంది. 5800 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం కూడా 5.2 సెంటీమీటర్లే. మీ డిష్ సరిగ్గా చెల్లిపోయే గుంటలో కూర్చుంది. గుంట అడుగున ఉన్నప్పుడు నీటిమట్టం కొద్దిగా పెరిగినా తగ్గినా సిగ్నల్ పెద్దగా ఊగుతుంది. మీకు 69కీ 74కీ మధ్య ఊగడం అందుకే.

వేసవి సంగతి చూడండి. చెరువు లోతు 1.2 మీటర్లు అనుకుంటే, ఎండిన గర్భం నుంచి కొలిస్తే రెండు డిష్‌ల ఎత్తులూ అంతమేరకు పెరుగుతాయి, 8.2, 5.3 అవుతాయి. దారుల తేడా 7.9 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర తరంగదైర్ఘ్యం. అప్పుడు నేల నుంచి తిరిగి వచ్చిన తరంగం మీకు తోడైంది. రావలసిన మైనస్ 49.5కి బదులు మైనస్ 47 రావడం ఆ తోడు వల్లనే. గట్టులూ గరుకు నేలా ఉండటం వల్ల ఆ తోడు పూర్తిగా అందలేదు, కొంత అందింది. మీరు బిగించిన రోజు మంచి రోజు అయ్యింది, నీళ్లు పెట్టిన రోజు అదే పైపు చెడ్డ చోటుగా మారింది. బిగించినవారి పనిలో లోపమేమీ కనిపించడం లేదు.

డీలరు చెప్పిన 27 అడుగులు అంటే 8.2 మీటర్లు. అక్కడ దారుల తేడా 10.4 సెంటీమీటర్లు, అంటే రెండు తరంగదైర్ఘ్యాలు. మళ్లీ చెల్లిపోయే గుంటే. ఖర్చు పెట్టి, స్టే వైర్లు కట్టి, ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి ఎక్కుతారు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపు ఒక మిత్రుడి చెరువుల దగ్గర కొన్నేళ్ల కిందట మేము ఇదే చిక్కులో పడ్డాం. ఎత్తు పెంచితే బాగవుతుందని పైపు మీద పైపు వెల్డింగ్ చేయించి పెంచాం, సిగ్నల్ ఇంకా తగ్గింది. రేడియో పాడైందని కొత్తది కొన్నాం, మారలేదు. చివరికి ఉప్పుగాలికి కనెక్టరు పచ్చబారి ఉంటుందేమోనని డిష్ దించుతుంటే, కింద ఫోనులో అంకె చూస్తున్న కుర్రాడు "అన్నా, ఆపండి, ఆపండి" అని కేక వేశాడు. పైపు సగానికి దిగిన చోట సిగ్నల్ 17 డెసిబెల్లు లేచింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాకే మాకు నీటి సంగతి అర్థమైంది. అప్పటికి కొత్త రేడియో డబ్బులూ వెల్డింగ్ కూలీ పోనే పోయాయి. అవి మీకు పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మీరు చేయవలసిన పని. ముందు పైపు ఎక్కకుండానే చేయగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. రెండు వైపులా రేడియో పవరును ఒకే తక్కువ అంకెకు, ఉదాహరణకు 5కు దించి, ఇప్పుడున్న 5800 దగ్గర సిగ్నల్ రాసుకోండి. తర్వాత పరికరంలో దేశం భారతదేశంగా ఉంచి, అది చూపించే ఛానెళ్లలో అన్నిటికంటే కిందిదానికి మారి, అదే పవరు దగ్గర మళ్లీ రాసుకోండి. తరంగదైర్ఘ్యం మారితే గుంట పక్కకు జరుగుతుంది కాబట్టి, నీరే కారణమైతే అయిదారు డెసిబెల్లో, పదికి పైనో తేడా కనిపించాలి. ఎంత కిందికి వెళ్లగలిగితే తేడా అంత పెద్దదవుతుంది, 5725 దగ్గరే ఆగిపోతే మాత్రం గుంట పెద్దగా జరగదు కాబట్టి ఈ పరీక్ష ఏదీ తేల్చదు. చెట్టో గట్టో అడ్డమైతే ఛానెలు మార్చినా అంత తేడా రాదు. ఇలాంటి డిష్ నిలువు తరంగాన్ని ఒక చెయిన్‌లో, అడ్డ తరంగాన్ని ఇంకో చెయిన్‌లో అందుకుంటుంది. పరికరం పేజీలో ఆ రెండు చెయిన్ల సిగ్నల్ విడివిడిగా చూపిస్తే అదీ చూడండి. నిలువు తరంగాన్ని నీరు కొంచెం మింగుకుంటుంది, అడ్డ తరంగాన్ని దాదాపు మొత్తం తిప్పి పంపుతుంది. అందువల్ల గుంటలో ఉన్నప్పుడు అడ్డ తరంగం బాగా లోతుకు పడిపోతుంది, నిలువుది అంత పడిపోదు. రెండు చెయిన్లకూ మధ్య ఎనిమిది, పది డెసిబెల్ల తేడా కనిపిస్తే నా అనుమానం బలపడినట్టే.

అసలు పరీక్ష షెడ్డు దగ్గర. మీ పైపు రెండంగుళాల జీఐ పైపు అయితే ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు దాని లోపల దూరుతుంది. డిష్‌ను లోపలి పైపు తలకు బిగించి, బయటి పైపుకు రెండు చోట్ల రంధ్రం చేసి బోల్టులతో పట్టు పెడితే, జానెడు జానెడు చొప్పున పైకి జరపవచ్చు. లోపలి పైపు మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకోండి. ఒక్కో గీత దగ్గర బోల్టు బిగించి, డిష్‌ను ఇంటివైపు తిన్నగా ఉంచి, రెండు నిమిషాలు ఆగి, రెండు చెయిన్ల అంకెలూ కాగితం మీద రాయండి. పైపు ఎక్కేవారు ఒకరు, ఫోను చూసేవారు మరొకరు ఉండాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే అంకెలు తారుమారవుతాయి. పని మొదలుపెట్టే ముందు ఏరియేటర్లకు వెళ్లే తీగలూ, దగ్గరలో పోయే కరెంటు లైనూ పైపు పడిపోతే తగిలేంత దూరంలో ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు ఆ లైనుకు సరఫరా ఆపించండి. ఇనుప పైపు చేతిలో ఉన్నప్పుడు తొందర వద్దు.

లెక్క నిజమైతే పదమూడున్నర అడుగుల నుంచి అంకె క్రమంగా లేస్తూ పోయి, 20 అడుగుల పరిసరాల్లో అత్యధికమై, ఆ పైన మళ్లీ దిగడం మొదలుపెట్టాలి. ఎంత పెంచినా ఒకే తీరుగా లేస్తూనే ఉంటే కారణం నీరు కాదు, దారిలో ఏదో అడ్డం ఉంది. ఎంత జరిపినా అంకె కదలకపోతే తప్పు రేడియోలోనో కనెక్టరులోనో ఉంది. ఈ మూడింటిలో ఏది జరిగిందో మీ కాగితమే చెబుతుంది.

అయితే అత్యధికంగా వచ్చిన 20 అడుగుల దగ్గర శాశ్వతంగా బిగించవద్దని నా సలహా. పట్టుబడి అయ్యి చెరువు ఎండగట్టినప్పుడు అద్దం 1.2 మీటర్లు కిందకు దిగుతుంది, అప్పుడు ఆ ఎత్తున మామూలు కంటే మూడు నాలుగు డెసిబెల్లు తగ్గుతుంది. నిండుగా ఉన్నప్పుడూ ఎండినప్పుడూ కూడా ఇబ్బంది పెట్టని ఎత్తు కావాలి. అది మీ కొలతల ప్రకారం 5.1 మీటర్ల దగ్గర, అంటే పదహారున్నర, పదిహేడు అడుగుల మధ్య వస్తోంది. నీరు నిండుగా ఉన్నప్పుడు దారుల తేడా అక్కడ ఒకటింబావు తరంగదైర్ఘ్యం, సిగ్నల్ మామూలు కంటే మూడు డెసిబెల్లు ఎక్కువ. ఎండినప్పుడు తేడా ఒకటీ ముప్పాతిక దాటుతుంది, అప్పటికీ మామూలు కంటే తక్కువ కాదు. రెండు కాలాల్లోనూ మైనస్ 50కి అటూ ఇటూ నిలవాలి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఒక కిలోమీటరు పొడవున పొలం మట్టం అరమీటరు ఎగుడుదిగుడుగా ఉండటం మన వైపు మామూలే, చెరువు నీరు గట్టుల మధ్య పొలం కంటే పైన నిలిచి ఉండవచ్చు కూడా. నీటిమట్టం అరమీటరు తేడా వస్తే గుంట ఉన్న చోటు షెడ్డు దగ్గర రెండడుగుల మీద అటో ఇటో జరుగుతుంది. అందుకే నా 5.1ని చూసి బిగించవద్దు, మీ గీతల కాగితం చూసి బిగించండి. గుంట ఎక్కడ తగిలిందో, శిఖరం ఎక్కడ వచ్చిందో చూసి ఆ రెండింటికీ నడుమ ఉన్న గీతను ఎంచుకుంటే సరిపోతుంది. తరంగం నీటిని తాకే చోటు లెక్క ప్రకారం ఇంటి నుంచి దాదాపు 690 మీటర్ల దగ్గర, అంటే షెడ్డుకు 400 మీటర్ల ఇవతల పడుతుంది. అక్కడ ఉన్నది మీ చెరువా, పక్కవారిదా చూసుకోండి. పక్కవారిదైతే వారు నీరు పెట్టే, తీసే తేదీలే మీకు లెక్క. నిజానికి అది ఒక చుక్క కాదు, ఆ చుట్టూ దారి పొడవునా కొన్ని వందల మీటర్ల మేర నీరు ఇందులో పాలు పంచుకుంటుంది. కాబట్టి ఒక చెరువు ఎండి పక్కది నిండుగా ఉన్న రోజుల్లో అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

డిష్‌ను కాస్త పైకి వంచితే నీటి నుంచి వచ్చేది తప్పిపోతుందని కొందరు సలహా ఇస్తారు. మీ దూరానికి అది పనిచేయదు. తిన్నగా వచ్చే తరంగానికీ నీటిని తాకి వచ్చేదానికీ మధ్య కోణం ఒక డిగ్రీ కూడా లేదు, 23 డీబీఐ డిష్ చూపు పది డిగ్రీల దాకా ఉంటుంది. ఒకదాన్ని తప్పించేంత వంచితే రెండోదీ తప్పిపోతుంది.

చెట్ల గురించి ఒక్క మాట, ఇప్పటి జబ్బు అది కాకపోయినా. షెడ్డు కంటికి కనిపిస్తే దారి ఖాళీగా ఉన్నట్టు కాదు. తరంగానికి చూపు గీత చుట్టూ కూడా చోటు కావాలి. మీ దూరానికి దారి మధ్యలో ఆ గీత కింద కనీసం రెండుంబావు మీటర్లు ఖాళీ ఉండాలి, ఇంటికి 300 మీటర్ల దగ్గర రెండు మీటర్లు చాలు. ఆ 300 మీటర్ల దగ్గర మీ గీత ఇప్పుడు నేల నుంచి సుమారు 6.2 మీటర్ల ఎత్తున పోతోంది, కాబట్టి అక్కడ నాలుగు మీటర్లు దాటిన చెట్టేదైనా మీ సిగ్నల్‌ను తింటుంది. దారిలో ఎవరైనా సరుగుడు వేస్తే మాత్రం జాగ్రత్తపడండి. అది ఒకటి రెండేళ్లలోనే ఆ ఎత్తు దాటిపోతుంది, అప్పుడు మీరు ఇంటివైపు డిష్‌ను పెంచుకోవలసి వస్తుంది. పెంచితే h1 మారుతుంది కాబట్టి షెడ్డు దగ్గరి గీతల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి.

పైపును శాశ్వతంగా బిగించే రోజున కేబుల్ డిష్‌లోకి ఎక్కే చోట కిందికి ఒక వంపు వదలండి, నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. సముద్రపు గాలి తగిలే చోటు కాబట్టి కనెక్టరును రబ్బరు టేపుతో చుట్టి, పైపును ఎర్తుకు కలపండి. నవంబరు, డిసెంబరు వాయుగుండాలకు ముందే మూడు వైపులా స్టే వైర్లు బిగించండి. పదిహేడు అడుగుల పైపుకు అవి చాలు.

లోపలి పైపు మిగిలిన ముక్కను మాత్రం అప్పుడే కోసేయకండి. ఈ పంట పట్టుబడి అయ్యి, చెరువు ఎండగట్టిన వారంలో అదే గీత దగ్గర మళ్లీ ఒకసారి అంకె చూడండి. మైనస్ 53 కంటే మెరుగ్గా ఉంటే అదే మీ ఎత్తు. తగ్గితే ఒక జానెడు కిందకు దించి చూసి, ఆ కాగితాన్నీ మొదటి కాగితాన్నీ కలిపి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.